దాచాల్సిన కాగితం ఏది?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే ప్రాథమిక పాఠశాలల్లో ఫైళ్ళ హడావిడి మొదలవుతుంది. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి పిల్లలు రాసినవీ గీసినవీ అతికించినవీ బీరువా నిండా పోగుపడి ఉంటాయి. వాటిలోంచి ఏరి ఒక్కొక్కరికీ ఒక పోర్ట్‌ఫోలియో తయారు చేయాలి. చదువులో పిల్ల ఎంత ముందుకొచ్చిందో చూపించే ఫైలు అన్నమాట. విద్యాహక్కు చట్టం 2009లోనే నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రగతి పత్రంలో పోర్ట్‌ఫోలియోలకూ చోటివ్వాలంది. కుప్పలోంచి ఏ కాగితం తీయాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం చివరికి టీచరు చేతిలోనే ఉంటుంది.

ఇలాంటి ఫైలు తెరవగానే సాధారణంగా కనిపించేవి జెండా పండుగ బొమ్మ, రకరకాల ఆకులు అతికించిన చార్టు, అన్నీ ఒప్పులైన స్లిప్ టెస్టు. అమ్మానాన్నలు చూసి మురిసిపోతారు. కానీ ‘ఈ పిల్లకు జూన్‌లో ఏం రాలేదు, ఇప్పుడు ఏం వస్తోంది?’ అని అడిగితే ఆ ఫైలు దగ్గర జవాబు ఉండదు. ఎంత అందమైనదైనా ఒక్క కాగితం ఆ రోజు సంగతే చెబుతుంది. ఎదుగుదల తెలియాలంటే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. కాబట్టి ఏరాల్సింది మంచి కాగితాలను కాదు, జతలను.

మూడో తరగతి పిల్ల ఒకరిని ఊహించుకుందాం. పేరు రమ్య అనుకుందాం. జూన్ చివర్లో టీచరు సంత బొమ్మ ఒకటి చూపించి, దాని గురించి తోచింది రాయమన్నారు. రమ్య రాసింది ఇంతే: ‘సంత. కురగయలు. అమ కొంది.’ సెప్టెంబరు చివర్లో అదే బొమ్మ మళ్ళీ ఇచ్చి అదే మాట చెప్పారు. ఈసారి ఇలా రాసింది: ‘మంగలవారం మా ఊరి సంతకు వెల్లాను. అమ్మ కూరగాయలు కొన్నది. నేను మిర్చి బజ్జీ తిన్నాను. పెద్ద ఎద్దు వచ్చింది. బయపడ్డాను.’

తప్పులు లెక్కపెట్టే అలవాటున్న వాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. జూన్‌లో తప్పుగా రాసిన మాటలు రెండే, సెప్టెంబరులో మూడు. ఎర్ర సిరా గీతలే చూస్తే పిల్ల వెనక్కి పోయినట్టుంది. జూన్‌లో రాసినవి మొత్తం నాలుగు మాటలు, సెప్టెంబరులో పదహారు. అదొక్కటే కాదు, తప్పుల రకమే మారిపోయింది. అప్పట్లో దీర్ఘాలు పట్టుబడలేదు, అందుకే కూరగాయలు కాస్తా ‘కురగయలు’ అయ్యాయి. వత్తు తెలియలేదు, అమ్మ ‘అమ’ అయింది. ఇప్పుడు వత్తు ఉన్న మాటలు పది రాసింది, ఒక్కదానిలోనూ వత్తు వదలలేదు. దీర్ఘాలన్నీ వాటి చోట ఉన్నాయి. మిగిలిన తప్పులు రెండే రకాలు. ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ రాసింది, ‘భ’ రాయాల్సిన చోట ‘బ’ రాసింది. మాట్లాడేటప్పుడు చాలామంది నోట ఈ తేడాలు సరిగ్గా పలకవు కాబట్టి పిల్ల విన్నట్టే రాసింది. ఆ రెండు కాగితాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కింద ఈ సంగతి రెండు వాక్యాల్లో రాస్తే అది ఆధారం. ఏ మార్కూ అంత చెప్పలేదు.

ఈ రెంటి మధ్య ఆగస్టులో రాసిన కాగితం ఒకటుంది. టీచరు పది మాటలు చెప్పి రాయించారు. అందులో రమ్య పలకను ‘పల్లక’ అనీ, మేకను ‘మేక్క’ అనీ రాసింది. ఫైలు కట్టేటప్పుడు ముందు చెత్తబుట్టలో పడేది ఇదే. నిజానికి మూడింటిలో విలువైనది ఇదేనని నేనంటాను. జూన్‌లో పలక అన్న మాట ఇస్తే రమ్య బహుశా తప్పు లేకుండానే రాసేది, వత్తు అనేదే తెలియదు కాబట్టి. ఆగస్టు నాటికి వత్తు తెలిసింది, ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియక అవసరం లేని చోటా పెట్టి చూస్తోంది. కొత్త నియమం నేర్చుకుంటున్న పిల్లలు కొన్నాళ్ళు దాన్ని అన్నిచోట్లా వాడేయడం మామూలే. జూన్‌లో అసలు లేని వత్తు సెప్టెంబరుకు కుదురుకుంది, మధ్యలో ఏం జరిగిందో ఈ కాగితమే చెబుతుంది. మొదటిదీ చివరిదీ మాత్రమే ఉంచితే ఆ మలుపు కనిపించదు.

అన్నీ బాగా వచ్చినవే ఏరితే ఏమవుతుందో అమెరికాలో ఒక రాష్ట్రమంతా చేసి చూశారు. వెర్మాంట్ రాష్ట్రం 1990ల మొదట్లో నాలుగు, ఎనిమిది తరగతుల పిల్లల రాతనూ లెక్కలనూ పోర్ట్‌ఫోలియోలతో అంచనా వేయడం మొదలుపెట్టింది. లెక్కల ఫైలులో తమ పనిలోంచి మంచివని తోచిన అయిదు నుంచి ఏడు ఏరి పెట్టేవారు. ర్యాండ్ సంస్థ తరఫున డేనియల్ కోరెట్జ్ బృందం దాన్ని పరిశీలించింది. తొలి ఏళ్ళలో ఒకే ఫైలుకు ఇద్దరు టీచర్లు వేసే మార్కులు పొంతన కుదరలేదని తేలింది. ఒక్కో తరగతిలో ఒక్కో రకం పని ఇచ్చారు, పిల్లలకు అందిన సాయమూ ఒకేలా లేదు. దేనితో దేన్ని పోల్చాలో తెలియని చోట ఎంత శ్రద్ధగా దిద్దినా ఫలితం కుదురుగా రాదు. వెర్మాంట్‌కు పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చాల్సిన అవసరం ఉంది. మన టీచరుకు ఆ బాధ లేదు, రమ్యను జూన్‌లోని రమ్యతో పోలిస్తే చాలు. ఆ పోలిక నిలవాలన్నా ఇచ్చిన పని ఒకే రకంగా ఉండాలి, పిల్లకు అందిన సాయం ఒకే మాదిరిగా ఉండాలి.

లెక్కల్లో దీన్ని విస్మరిస్తే ఎలా మోసపోతామో చూడండి. జూన్‌లో 52లోంచి 37 తీసేయమంటే రమ్య 25 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి అయిదు వేసింది. అయిదులోంచి మూడు తీస్తే రెండు. పై అంకె, కింది అంకె అన్న పట్టింపు లేకుండా పెద్దదానిలోంచి చిన్నది తీయడం ఈ వయసు పిల్లల్లో తరచుగా కనిపించే పొరపాటు. సెప్టెంబరులో 68లోంచి 23 తీసేసి 45 అని సరిగ్గా వేసిన కాగితం ఉందనుకుందాం. తప్పు పక్కన ఒప్పు పెడితే ఎదుగుదలలా కనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో అప్పు తెచ్చుకునే పనే లేదు. జూన్‌లో ఇచ్చినా పిల్ల సరిగ్గానే చేసేది. జత కట్టాలంటే 63లోంచి 28 లాంటి లెక్క కావాలి. అక్కడ 35 అని వేసి, ఆరును కొట్టేసి పైన అయిదు వేసిన గుర్తు కూడా కాగితం మీద ఉంటే పదుల స్థానం నుంచి తెచ్చుకోవడం పిల్లకు వచ్చిందని నమ్మవచ్చు. జవాబు 45 అని వస్తే మూడు నెలల కిందటి పొరపాటు అలాగే ఉందని అర్థం.

ఇంతకన్నా పెద్ద చిక్కు, కాగితం మీద కనిపించని సాయం. నల్లబల్ల మీది వ్యాసం చూసి రాసుకున్న పేజీ దస్తూరికి ఆధారం కావచ్చు, రాయగలగడానికి కాదు. ఇంట్లో అక్క చేసిపెట్టిన ప్రాజెక్టు అక్కకే ఆధారం. అందుకే ఏ కాగితమైనా దాచేముందు వెనకవైపు తేదీ, ఇచ్చిన పని, ఎలా చేసిందీ పెన్సిలుతో రాయాలి. తానే చేసిందా, పక్కన కూర్చుని చెబితే చేసిందా, చూసి రాసిందా అన్నది ఒక్క మాటలో రాస్తే సరిపోతుంది. ఇది ఆ రోజే రాయాలి. నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు, అప్పుడు అన్నీ ‘తానే చేసింది’ అయిపోతాయి. ఫైలుకు వెళ్ళే కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దకపోవడం మంచిది. సరిచేసిన అక్షరం కింద పిల్ల అసలేం రాసిందో తర్వాత చదవడం కష్టం. రబ్బరు కూడా ఇలాంటిదే. చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయమంటే, మొదట రాసిందీ తర్వాత తట్టిందీ రెండూ మిగులుతాయి. పేజీ శుభ్రంగా ఉండదన్న మాట నిజమే. శుభ్రమైన పేజీలు పెట్టడానికి ప్రదర్శన బోర్డు ఎలాగూ ఉంది.

ఎన్ని దాచాలి? మూడు నెలల ఫైలుకు ఏడెనిమిది కాగితాలు దాటితే చదివేవారుండరు. రమ్య విషయంలో తెలుగు రాత మూడు, తీసివేత జత ఒకటి, పరిసరాల విజ్ఞానంలో తాను చూసి గీసిన మొక్క బొమ్మలు రెండు. చదవడం కాగితం మీద పడదు కాబట్టి ఒకే స్థాయి పాఠాలు రెండు తీసుకుని, జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి ఒక్కో నిమిషం ఫోనులో రికార్డు చేస్తే ఆ జతా కుదిరినట్టే.

వీటితో పాటు ఒక్క కాగితం పిల్లనే ఏరుకోమనాలి. రమ్య బహుశా జెండా బొమ్మనే తీస్తుంది. తీయనివ్వండి. ఎందుకు తీశావని అడిగి, చెప్పిన మాటను అలాగే కింద రాసి పెట్టాలి. ‘రంగు బయటికి పోలేదు’ అంటే పిల్ల దేన్ని మంచి పని అనుకుంటోందో తెలుస్తుంది. అది టీచరు ఎంపికలో కలిపేయకుండా వేరుగా ఉంచాలి, రెండూ చెప్పేవి వేర్వేరు సంగతులు.

అన్ని జతల్లోనూ మార్పు కనిపించదు. సెప్టెంబరులోనూ 63లోంచి 28 తీసేస్తే 45 అనే రాస్తే ఆ కాగితాన్నీ ఫైలులో పెట్టాల్సిందే, తల్లిదండ్రుల ముందు కొంత ఇబ్బందిగా ఉన్నా సరే. ఆ జత తీసేసి వేరే మంచి కాగితం పెడితే, సెలవుల తర్వాత పుల్లల కట్టలతో పదిని విప్పి ఒకట్లు చేయడం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలన్న సంగతి ఫైలు చెప్పదు. తరగతి మారినా టీచరు మారినా కొత్తగా వచ్చినవారికి కావాల్సింది ఆ సమాచారమే.

రెండో టర్ముకు సంత బొమ్మ మాత్రం పనికిరాదు. రెండుసార్లు చూసిన బొమ్మ మూడోసారి ఇస్తే రమ్య తన పాత వాక్యాలు గుర్తు తెచ్చుకుని రాస్తుంది. అలాంటిదే మరో బొమ్మ కావాలి. తిరునాళ్ళదో, బస్టాండుదో, మనుషులూ పనులూ నిండుగా ఉన్నది ఏదైనా సరే. అందులో పళ్ళు, వాళ్ళు, భోజనం లాంటి మాటలు రాయాల్సి వచ్చే అవకాశం ఉండేలా చూసుకుంటే ‘ళ’, ‘భ’ల సంగతి ఏమైందో నవంబరులోనే తేలుతుంది.