ఎంత తినాలి, ఎంత దాచాలి: రామ్సే లెక్క

ఒక దేశం ఏటా సంపాదించే దానిలో ఎంత అనుభవించాలి, ఎంత మిగిల్చి యంత్రాలుగా, కాలువలుగా, రోడ్లుగా మార్చుకోవాలి? 1928 డిసెంబరు ‘ఎకనామిక్ జర్నల్’లో ఫ్రాంక్ రామ్సే ఈ ప్రశ్నకు గణితంతో జవాబు చెప్పారు. కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న ఆయనకు అప్పటికి పాతికేళ్లు. ఏడాది తిరిగి కొద్ది వారాలకే, 1930 జనవరిలో, చనిపోయారు. చాలాకాలం ఆ వ్యాసం జోలికి పెద్దగా ఎవరూ వెళ్లలేదు. 1965లో డేవిడ్ కాస్, చాలింగ్ కూప్‌మన్స్ ఎవరికి వారుగా దాన్ని తిరిగి అందుకుని పూర్తి వృద్ధి నమూనాగా తీర్చారు. ఇప్పుడు అర్థశాస్త్రం ఎం.ఏ. చదివే ప్రతి విద్యార్థీ ఈ ముగ్గురి పేర్లూ కలిపి నేర్చుకుంటాడు.

ఈ నమూనాలో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. ఇందులో లెక్కలేనన్ని దారులు ఉంటాయి. ఒక్కటి తప్ప అన్నీ ఎక్కడో ఒకచోట చెడిపోతాయి. అలా చెడిపోవడమే మొదటి రోజు ఎంత ఖర్చుపెట్టాలో తేల్చిచెబుతుంది. ఇది ఎలాగో చూడటానికి అంకెలు సులువుగా ఉండే ఒక ఊహాదేశాన్ని తీసుకుందాం.

ఆ దేశంలో జనాభా పెరగదు, సాంకేతికత మారదు. తలకు ఉన్న మూలధనాన్ని k అందాం, లక్షల రూపాయల్లో. దానితో ఏడాదికి వచ్చే ఉత్పత్తి √k లక్షలు. అంటే 16 లక్షల మూలధనం ఉంటే ఏడాదికి 4 లక్షల ఉత్పత్తి, 25 లక్షలుంటే 5 లక్షలు. మూలధనం పెరిగేకొద్దీ, కొత్తగా కలిపే ప్రతి రూపాయి తెచ్చే అదనపు రాబడి తగ్గుతూ పోతుంది. ఏటా 5 శాతం అరిగిపోతుంది. జనానికి కాస్త ఆత్రం కూడా ఉంది: వచ్చే ఏడాది దొరికే సుఖాన్ని ఈ ఏటి సుఖం కన్నా 5 శాతం తక్కువగా లెక్కిస్తారు. హెచ్చుతగ్గులంటే వాళ్లకు గిట్టదు. ఎంతగా గిట్టదంటే, వినియోగం ఒక శాతం పెరిగితే అదనపు రూపాయి ఇచ్చే తృప్తి 4 శాతం పడిపోతుంది. ఈ నాలుగును పుస్తకాల్లో θ అని రాస్తారు.

ఈ దేశం దగ్గర ఇప్పుడు తలకు 16 లక్షలున్నాయి. ఈ ఏడాది ఒక రూపాయి తక్కువ ఖర్చుపెట్టి దాన్ని వచ్చే ఏటికి మళ్లిస్తే ఏమవుతుంది? 16 లక్షల దగ్గర అదనపు రూపాయి తెచ్చే రాబడి 12.5 శాతం. అరుగుదల 5 శాతం తీసేస్తే చేతికొచ్చేది 7.5 శాతం. కానీ అది వచ్చే ఏడాది సుఖం కాబట్టి ఆత్రం 5 శాతం కోసేస్తుంది. ఇంకా 2.5 శాతం లాభం మిగిలింది. లాభం మిగిలి ఉందంటే ఇంకాస్త దాచడం మేలన్న మాట. అలా దాచుకుంటూ పోతే వచ్చే ఏటి వినియోగం ఈ ఏటి కన్నా పెరుగుతుంది, అప్పటి రూపాయి ఇచ్చే తృప్తి తగ్గుతుంది. ఆ తగ్గుదల సరిగ్గా 2.5 శాతానికి చేరినప్పుడు రూపాయిని ఇటు జరిపినా అటు జరిపినా ఒరిగేదేమీ ఉండదు. తృప్తి 2.5 శాతం తగ్గాలంటే వినియోగం అందులో నాలుగో వంతు, అంటే 0.625 శాతం పెరగాలి. ఇదే వినియోగపు ఆయిలర్ సమీకరణం. కాగితం మీద ఇలా ఉంటుంది:

వినియోగ వృద్ధి రేటు = (f'(k) − δ − ρ) / θ

f'(k) అదనపు రాబడి, δ అరుగుదల, ρ ఆత్రం. రామ్సే గణితం ద్వారా చేరుకున్న నియమానికి ఇలాంటి మాటల వివరణ ఒకటి అందించింది, ఆ పత్రికకు అప్పటి సంపాదకుడైన కీన్స్. రామ్సే ఆ విషయం వ్యాసంలోనే చెప్పారు.

ఈ సమీకరణం ఏం చెప్పడం లేదో కూడా గమనించాలి. వినియోగం ఎంత వేగంగా పెరగాలో చెబుతుంది కానీ, ఎక్కడ మొదలవ్వాలో చెప్పదు. ఏడాదికి 2 లక్షల దగ్గర మొదలుపెట్టినా, మూడున్నర లక్షల దగ్గర మొదలుపెట్టినా దానికి అభ్యంతరం లేదు. రెండో సమీకరణం మూలధనానిది: ఉత్పత్తిలోంచి అరుగుదలనూ వినియోగాన్నీ తీసేయగా మిగిలిందే మూలధనంలో పెరుగుదల. ఇది కూడా మొదటి ఏటి వినియోగాన్ని మనకే వదిలేస్తుంది. చేతిలో ఉన్న మూలధనం నిన్నటి వారసత్వం, రాత్రికి రాత్రి మారదు. వినియోగం అలా కాదు, ఈరోజే ఎంతైనా ఎంచుకోవచ్చు. మరి ఆ ఎంపికను కట్టడి చేసేదేమిటి?

దానికోసమే ఫేజ్ డయాగ్రమ్ గీస్తారు. అడ్డంగా మూలధనం, నిలువుగా వినియోగం. మూలధనం పెరగకుండా తరగకుండా నిలిచే చోట్లన్నీ కలిపితే గుట్టలాంటి వంపు వస్తుంది. మన దేశానికి అది సున్నా దగ్గర మొదలై, 100 లక్షల దగ్గర 5 లక్షల వినియోగంతో శిఖరానికి చేరి, 400 లక్షల దగ్గర మళ్లీ నేలకు దిగుతుంది. అక్కడ ఉత్పత్తి 20 లక్షలు, అరుగుదల కూడా 20 లక్షలే, తినడానికి ఏమీ ఉండదు. వంపుకు పైన ఉంటే మూలధనం కరుగుతుంది, కింద ఉంటే పోగవుతుంది. ఇక వినియోగం నిలకడగా ఉండేది అదనపు రాబడి సరిగ్గా 10 శాతం ఉన్నప్పుడే. అది 25 లక్షల దగ్గర నిలువు గీత. దానికి ఎడమన వినియోగం పెరుగుతుంది, కుడిన తగ్గుతుంది. గీత, వంపు కలిసే చోట మూలధనం 25 లక్షలు, వినియోగం 3.75 లక్షలు. అదే స్థిర స్థితి.

ఈ రెండు గీతలూ బొమ్మను నాలుగు భాగాలు చేస్తాయి, ఒక్కో భాగంలో బాణాలు ఒక్కో దిక్కుకు లాగుతాయి. గుర్రపు జీను మీద గోళీని వదిలినట్టు ఉంటుంది పరిస్థితి. ముందూ వెనకల వంపు మీద సరిగ్గా మధ్యగీత వెంట వదిలితే కూర్చునే చోటికి జారివస్తుంది. వెంట్రుకవాసి పక్కకు వదిలినా, దగ్గరికి వస్తున్నట్టే కనిపించి పక్కనుంచి కిందికి దొర్లిపోతుంది. స్థిర స్థితికి చేర్చే ఆ ఒక్క దారికే శాడిల్ పాత్ అని పేరు.

మన దేశానికి ఆ దారి ఇంపుగా తేలుతుంది: ఉత్పత్తిలో ఎప్పుడూ ముప్పాతిక వంతు తినాలి, పావు వంతు పెట్టుబడి పెట్టాలి. నేను అంకెలు అలా ఎంచుకున్నాను కాబట్టి ఇంత సులువుగా వచ్చింది. మామూలుగా పొదుపు వాటా దారి పొడవునా మారుతూ ఉంటుంది. 16 లక్షల దగ్గర ఉత్పత్తి 4 లక్షలు, వినియోగం 3 లక్షలు, పెట్టుబడి లక్ష. అందులో 80 వేలు అరుగుదలకే పోయి, 20 వేలు మూలధనానికి చేరతాయి. వచ్చే ఏటికి వినియోగం సుమారు 1,875 రూపాయలు పెరుగుతుంది. మూడు లక్షల మీద ఇది 0.625 శాతం, ఆయిలర్ సమీకరణం కోరినంతే. 3.75 లక్షల వినియోగానికి ఉన్న దూరం సగమవడానికి దాదాపు 28 ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఏడాదికి కేవలం పదివేలు ఎక్కువగా, 3.10 లక్షలతో మొదలుపెట్టి ఆయిలర్ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిద్దాం. మొదటి ఏడేళ్లూ ఏ లోటూ కనిపించదు. వినియోగమూ పెరుగుతుంది, మూలధనమూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఆ తర్వాత మూలధనం తరగడం మొదలవుతుంది. అది తరిగేకొద్దీ రాబడి శాతం పెరుగుతుంది, దాంతో ఆయిలర్ నియమం వినియోగాన్ని ఇంకా వేగంగా పెంచమంటుంది. దాదాపు ముప్పై ఏళ్లకు మూలధనం సున్నా. మరుక్షణం వినియోగం కూడా సున్నాకు కూలాలి. నియమాన్ని నమ్ముకుని నడిచిన దారే చివర్లో ఆ నియమాన్ని తుంచేస్తుంది.

పదివేలు తక్కువగా, 2.90 లక్షలతో మొదలుపెడితే కీడు ఇంకో రకంగా వస్తుంది. సుమారు 21 ఏళ్లకు మూలధనం 25 లక్షలు దాటుతుంది. వినియోగం మాత్రం 3.10 లక్షల దగ్గర ఆగి, అక్కడినుంచి తగ్గుతూ పోతుంది. దేశం పోగు చేస్తూనే ఉంటుంది, 400 లక్షల వైపు నడుస్తుంది, తినేది సున్నా వైపు జారుతుంది. ఈ దారిలో ఆయిలర్ నియమం ఎక్కడా తెగదు. అందుకే దీన్ని కొట్టేయడానికి ఇంకో షరతు కావాలి: ఎన్నటికీ అనుభవంలోకి రాని సంపదకు ఈనాటి లెక్కలో విలువ మిగలకూడదు. దీన్ని ట్రాన్స్‌వర్సాలిటీ షరతు అంటారు. చాలామంది విద్యార్థులు దీన్ని సాంకేతికమైన తోకగా భావించి వదిలేస్తారు. అది లేకపోతే పిసినారి దేశపు పథకాన్ని తప్పని చెప్పడానికి ఆధారమే ఉండదు.

రెండు షరతులూ కలిసి దారులన్నిటినీ ఏరేస్తే మిగిలేది 3 లక్షల దగ్గర మొదలయ్యేది ఒక్కటే. స్థిర స్థితి అన్ని వైపులనుంచీ లాగే గుంటలా ఉండి ఉంటే, ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే చేరేవాళ్లం, మొదటి ఏటి వినియోగం ఇంత అని చెప్పే వీలుండేది కాదు. భూకంపం వచ్చి ఆ దేశపు మూలధనం 25 లక్షలనుంచి 16 లక్షలకు పడిపోయిందనుకోండి. నమూనా ఇచ్చే జవాబు స్పష్టం: వినియోగం అదే రోజు 3.75 లక్షలనుంచి 3 లక్షలకు దిగాలి, ఆపైన మెల్లగా ఎక్కాలి.

కంప్యూటర్ మీద ఈ దారిని వెతికేవాళ్లకు జీను స్వభావం చుక్కలు చూపిస్తుంది. మన లెక్కలో స్థిర స్థితి దగ్గర, దారినుంచి తొలగిన దూరం తొమ్మిదేళ్లకు కొంచెం పైగా గడిచేసరికి రెట్టింపవుతుంది. ఆ చొప్పున రెండు వందల ఏళ్లలో ముప్పై లక్షల రెట్లు దాటుతుంది. మొదటి వినియోగాన్ని ఊహించి ముందుకు నడిపి చూస్తే, ఊహ ఎంత సవరించినా దశాంశాల్లో మిగిలిన పొరపాటు చివరికి దారిని అటో ఇటో విసిరేస్తుంది. మూలధనం కరిగితే ఊహ ఎక్కువైందని, వినియోగం పడిపోతే తక్కువైందని గుర్తు. అందుకే అనుభవమున్నవాళ్లు స్థిర స్థితి పక్కనుంచి మొదలుపెట్టి కాలాన్ని వెనక్కి నడుపుతారు. వెనక్కి వెళ్తున్నప్పుడు పొరపాట్లు పెరగడానికి బదులు కుంచించుకుపోతాయి.

ఇంతకీ 100 లక్షల దగ్గర 5 లక్షలు తినగలిగే దేశం 25 లక్షల దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఆత్రం వల్లే. అక్కడినుంచి ఇంకా పోగు చేయాలంటే ఇప్పటి తరం ఖర్చు తగ్గించుకోవాలి. ఫలం తర్వాతివాళ్లకు అందుతుంది, ఆ ఫలాన్ని ఈ లెక్క ఏటా 5 శాతం కోసేస్తోంది. రామ్సే ఈ కోతను ఒప్పుకోలేదు. పుట్టబోయేవాళ్ల సుఖాన్ని ఆలస్యంగా వస్తుందన్న ఒక్క కారణంతో తక్కువ చేయడం నైతికంగా నిలవదని ఆయన వాదం. నాకూ అదే న్యాయంగా తోస్తుంది. కానీ కోత తీసేస్తే వేరే చిక్కు ఎదురవుతుంది: అనంతకాలపు సుఖాలను కూడితే మొత్తం హద్దు లేకుండా పోతుంది, ఏ పథకం ఏ పథకం కన్నా మేలో చెప్పడం కష్టమవుతుంది. తర్వాతి కాలంలో మన ప్రణాళికా సంఘంలో సభ్యులుగా ఉన్న సుఖమయ్ చక్రవర్తి 1962లో రాసిన వ్యాసంలో, అత్యుత్తమ పొదుపు పథకం అసలు ఉంటుందా అన్న ప్రశ్ననే లేవనెత్తారు. రామ్సే దీన్ని దాటడానికి, చేరగల గరిష్ఠ సుఖానికి ఎంత తగ్గామన్నదాన్ని కొలిచారు.

నిజజీవితంలో ఆయిలర్ సమీకరణం ఎంతవరకు నిలుస్తుంది? 1978లో రాబర్ట్ హాల్ దీన్నుంచే, ముందే తెలిసిన సమాచారంతో వినియోగంలో మార్పును అంచనా కట్టలేమనే ఫలితం తీశారు. 1989లో కాంప్‌బెల్, మాన్‌క్యూ అమెరికా గణాంకాలను పరిశీలించి, ఆదాయంలో దాదాపు సగం ముందుచూపు లెక్కతో సంబంధం లేకుండా, వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టేవాళ్ల చేతుల్లోకి వెళ్తోందని అంచనా వేశారు.

అలాంటివాళ్లకు లెక్క తెలియదనుకోనక్కర్లేదు. దాచుకుంటే బ్యాంకులో 7 శాతం వచ్చి, అప్పు మాత్రం వందకు నెలకు రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి దొరికే ఇంటిని తీసుకోండి. ఆత్రం 5 శాతం, θ నాలుగే అనుకుందాం. రాబోయే ఆదాయ వృద్ధి 0.5 శాతం కన్నా తక్కువ ఉంటేనే వాళ్లకు దాచడం లాభం, 4.75 శాతం దాటితేనే అప్పు చేయడం లాభం. ఈ రెంటికీ మధ్య ఉన్న ఇల్లు అప్పూ చేయదు, పొదుపూ చేయదు, వచ్చిందంతా ఖర్చుపెడుతుంది. అక్కడ ఆయిలర్ సమీకరణం సమీకరణంగా కాక, రెండు హద్దులుగా మాత్రమే మిగులుతుంది. ఒకే వడ్డీ రేటుతో సాగే రామ్సే దేశంలో ఇలాంటి ఇంటికి చోటు లేదు.