లక్ష చీటీలో ఎవరికి ఎంత?

ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. తెలుగు ఊళ్లలో బాగా తెలిసిన లక్ష రూపాయల చీటీ లెక్క ఇది. అయితే అందరూ ఒకే చీటీ కట్టినా అందరికీ ఒకే ఫలితం రాదు. ఎవరు ఏ నెలలో పాడుకున్నారన్నదే తేడా.

ఒక ఊహా చీటీ చూద్దాం. మొదటి నెల లక్ష పూర్తిగా కంపెనీకే. రెండో నెల నుంచి పాట. ఒకరు 30,000 తగ్గించి పాడితే ఆయన చేతికి 70,000 వస్తుంది. ఆ 30,000లో 5 శాతం కమీషన్ కింద 5,000 నిర్వాహకుడికి పోగా (2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా అనుమతిస్తుంది), మిగిలిన 25,000 ఇరవై మందికీ పంచితే తలా 1,250. ఆ నెల వాయిదా 3,750 కడితే చాలు.

ఐదో నెల దాకా పాట 30,000 దగ్గరే నిలిచిందనుకుందాం. పదో నెల దాకా 25,000, పదిహేనో నెల దాకా 15,000, పంతొమ్మిదో నెల దాకా 10,000. చివరి నెల పాటే ఉండదు, కమీషన్ పోను 95,000 వస్తుంది. ఈ లెక్కన ఒక్కొక్కరికి డివిడెండ్ మొత్తం 13,500. అంటే లక్షకు బదులు కట్టింది 86,500.

చివరిదాకా ఆగినవారికి మిగిలింది 8,500. డబ్బు కొద్దికొద్దిగా కట్టారు కాబట్టి ఇది ఏడాదికి సుమారు 12 శాతం రాబడి. రెండో నెలలో పాడుకున్నవారికి మాత్రం అది అప్పు. 70,000 తీసుకుని మొత్తం 86,500 కట్టారు. వడ్డీ నెలకు నూటికి రెండున్నర రూపాయలు, ఏడాదికి 30 శాతం దాకా. ఆసుపత్రి ఖర్చుకో, సరుకు కొనుగోలుకో అయితే అదీ ఒక దారే.

ఎక్కువమంది గమనించనిది మధ్యవారి సంగతి. పదో నెలలో 75,000 తీసుకున్నవారికి నష్టం 11,500. రెండో నెలవారి 16,500 కంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే వారు 40,000 కట్టేశారు. కొత్తగా చేతికొచ్చింది 35,000 మాత్రమే. దానికోసం మిగతా పది నెలల్లో 46,500 కట్టాలి. అంటే పాట పాడే ముందు వచ్చే మొత్తంలో తాము కట్టిన సొమ్ము తీసేసి చూడాలి.

ఇక ఏజెంట్లు చూపించే పట్టిక. అందులోని తగ్గింపులు పాత పాటల మీద వేసిన అంచనాలే, ఎవరూ హామీ ఇవ్వరు. పై చీటీలోనే పాటలు చప్పగా సాగి డివిడెండ్లు సగానికి పడిపోయాయనుకోండి. చివరివారు 93,250 కట్టి 95,000 అందుకుంటారు. మిగిలేది 1,750, రాబడి ఏడాదికి సుమారు 2.4 శాతం.