పోయిన నంబర్లకు ముప్పై రోజుల గడువు

వరంగల్‌లో ఒక టెంట్‌హౌస్ యజమాని ఉన్నాడనుకుందాం. షామియానా కట్టే కుర్రాళ్లు, వంటమాస్టర్లు, పూలవాళ్లు, జనరేటర్ అద్దెకిచ్చేవాళ్లు అందరూ ఆయన ఫోన్‌లోనే ఉంటారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కొడుకు ఆ ఫోన్ తీసుకుని, ఒకే పేరుతో రెండు మూడుసార్లు ఉన్నవాటిని కలిపేశాడు. పనికిరావనుకున్నవి తీసేశాడు. గురువారం సాయంత్రం ఆరింటికి వంటమాస్టర్ రమణకు ఫోన్ చేయబోతే అసలు సంగతి బయటపడింది. హనుమకొండ రమణ, కాజీపేట రమణ కలిసి ఒకే మనిషైపోయారు. జనరేటర్ నంబరు కనిపించనే లేదు.

ముందుగా తేల్చుకోవాల్సింది ఆ నంబర్లు ఎక్కడ ఉండేవన్నది. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు గూగుల్ అకౌంట్‌లోనా, ఫోన్‌లోనా, సిమ్‌లోనా అన్నది ఎంచుకోవచ్చు. చాలామంది అది గమనించరు. ఫోన్‌లోనో సిమ్‌లోనో మాత్రమే ఉన్న నంబరు గూగుల్ దాకా వెళ్లలేదు కాబట్టి, గూగుల్ దాన్ని తిరిగి ఇవ్వలేదు. అకౌంట్‌లో ఉన్నదైతే పోయాక కూడా 30 రోజులు దొరుకుతుంది. ఇంట్లో రెండు మూడు జీమెయిల్ అకౌంట్లు ఉంటే, నంబర్లు దాచిన అకౌంట్‌తోనే లోపలికి వెళ్లాలి. పై మూలన ఉన్న ఫొటో చూస్తే అది ఏ అకౌంటో తెలిసిపోతుంది.

కంప్యూటర్‌లో contacts.google.com తెరిస్తే ఎడమవైపు జాబితాలో Trash ఉంటుంది. తీసేసిన నంబర్లు, తీసేసిన తేదీతో సహా అక్కడ కనిపిస్తాయి. కావాల్సిన పేరు ఎంచుకుని Recover నొక్కితే అది పాత చోటికి వస్తుంది, మిగతా జాబితా చెక్కుచెదరదు. జనరేటర్ నంబరు ఇలా వచ్చేస్తుంది. పోయినవి ఐదారైతే ఇంతకుమించి ఏమీ చేయకపోవడమే మంచిది.

రమణల సమస్య మాత్రం దీనితో తీరదు. వాళ్లిద్దరినీ ఎవరూ తీసేయలేదు, కలిపేశారు. అందుకు వేరే దారి ఉంది. అదే పేజీలో సెట్టింగ్స్ గుర్తు నొక్కితే Undo changes వస్తుంది. పది నిమిషాల క్రితం, గంట క్రితం, నిన్న, వారం క్రితం అని అడుగుతుంది. కింద Custom కూడా ఉంటుంది. ఆదివారం నాలుగు నుంచి గురువారం ఆరు దాకా నాలుగు రోజుల రెండు గంటలు. సరిగ్గా అంతే ఇస్తే కొడుకు పని సగంలో ఉన్న క్షణానికి వెళ్లే ప్రమాదం ఉంది. అందుకే నాలుగు రోజుల నాలుగు గంటలు అని ఇవ్వాలి. అప్పుడు జాబితా మొత్తం ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉందో అలా తయారవుతుంది.

ఈ ‘మొత్తం’ అన్న మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సోమవారం ఒక పెళ్లివారి నంబరు, బుధవారం ఒక కొత్త పూలతని నంబరు చేర్చి ఉంటే, అవి ఆదివారం నాటికి లేవు కనుక పోతాయి. ఈ మధ్యలో సరిదిద్దిన నంబర్లూ పాత రూపానికే వెళ్తాయి. కాబట్టి వెనక్కి వెళ్లే ముందు కొత్త నంబర్లను టిక్ చేసి Export నొక్కి, Google CSV ఫైలుగా దాచుకోవాలి. పని అయ్యాక ఆ ఫైలును Import చేస్తే అవి మళ్లీ చేరతాయి. జాబితా అంతా కాకుండా కొత్తవి మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయాలి. లేదంటే కలిసిపోయిన రమణ కూడా తిరిగొచ్చి కూర్చుంటాడు.

క్యాలెండర్ సంగతి ఇంతకంటే తేలిక. కంప్యూటర్‌లో calendar.google.com తెరిచి, సెట్టింగ్స్ గుర్తు కింద Trash నొక్కాలి. ఎవరికి ఎన్ని క్యాలెండర్లుంటే అన్నిటికీ విడివిడిగా చెత్తబుట్టలుంటాయి. బుకింగ్ తేదీ ‘ఆఫీస్’ క్యాలెండర్‌లో రాసుకుని, సొంత పేరున్న క్యాలెండర్‌లో వెతికితే ఖాళీయే కనిపిస్తుంది. ఇక్కడా గడువు దాదాపు 30 రోజులే. అందరూ పంచుకునే క్యాలెండరైతే, అందులో మార్పులు చేసే హక్కు ఉన్నవాళ్లే తిరిగి తేగలరు. కాంటాక్ట్‌లో రాసుకున్న పుట్టినరోజు క్యాలెండర్‌లో కనిపించకపోతే, ముందు ఆ కాంటాక్ట్ ఉందో లేదో చూడాలి. ఆ తేదీ క్యాలెండర్‌కు వచ్చేది అక్కడినుంచే.

ఐఫోన్ వాళ్లకు ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోని Data Recovery పేజీలో ఈ సదుపాయం ఉంది, గడువు 30 రోజులే. అయితే ఆపిల్ పద్ధతిలో ఒక్కో పేరును ఏరుకోవడం కుదరదు. పాత తేదీ ప్రతి ఒకటి ఎంచుకుంటే కాంటాక్ట్‌లన్నీ దాని ప్రకారం మారిపోతాయి. అప్పటిదాకా ఉన్న జాబితాను కూడా ఆపిల్ ఒక ప్రతిగా దాస్తుంది గనుక, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. క్యాలెండర్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పాత ప్రతిని తెస్తే ఎవరెవరితో పంచుకున్నామన్న వివరాలు చెరిగిపోతాయి, మళ్లీ అందరికీ షేర్ చేయాలి. పంపిన ఆహ్వానాలు రద్దయి, కొత్తగా వెళ్తాయి. కాబట్టి రీస్టోర్ నొక్కే ముందే అతిథులకు ఓ మాట చెప్పి ఉంచితే, రద్దయిందన్న సందేశం చూసి ఫంక్షన్ ఆగిపోయిందేమోనని వాళ్లు కంగారుపడరు.