మెట్‌ఫార్మిన్: అర గ్రాముతో మొదలు

మెట్‌ఫార్మిన్ మాత్ర మింగితే అందులోని మందు అంతా రక్తంలోకి వెళ్లదు. సుమారు సగమే వెళుతుంది, మిగతాది పేగుల్లోనే ఉండి మలంతో బయటికి పోతుంది. పేగు గోడల్లో దీని గాఢత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. పిత్తంలోని ఆమ్లాలను పేగులు తిరిగి పీల్చుకునే పనికి ఈ మందు అడ్డుపడుతుందనీ, అవి పెద్దపేగులోకి దిగడం వల్లే విరేచనాలు అవుతాయనీ వైద్యులు భావిస్తారు. వికారం, కడుపు ఉబ్బరం, నోట్లో ఇనుము నాకినట్టు ఉండే రుచి కూడా కొందరిలో కనిపిస్తాయి. ఇవి ఎక్కువగా మందు మొదలుపెట్టిన కొత్తలోనో, మోతాదు పెంచినప్పుడో వచ్చి, పేగులు అలవాటుపడ్డాక తగ్గుతాయి.

అందుకే సాధారణంగా 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి, రోజుకు ఒకసారి, భోజనంతో మొదలుపెడతారు. భోజనంతో అంటే అన్నం తింటూ మధ్యలో గానీ, తిన్న వెంటనే గానీ. కడుపులో తిండి ఉంటే మందు మెల్లగా పేగుల్లోకి దిగుతుంది. షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి తినే ముందు వేసుకోమంటారు. ఆ అలవాటుతో దీన్నీ పరగడుపున మింగి, మందు పడలేదని మానేసేవాళ్లున్నారు. పడనిది చాలాసార్లు మందు కాదు, వేసుకున్న వేళ.

ఉదాహరణకు మూత్రపిండాలు బాగా పనిచేస్తున్న 48 ఏళ్ల మనిషిని తీసుకుందాం. మొదటి వారం రాత్రి భోజనంతో 500. ఇబ్బంది లేకపోవడంతో రెండో వారం పొద్దున టిఫిన్‌తో మరో 500 చేరింది. మూడో వారం రాత్రి మోతాదును 1000 చేయగానే రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనాలు మొదలయ్యాయి. ఇక్కడ మందు పూర్తిగా మానక్కర్లేదు. డాక్టరు ఒక మెట్టు దింపి, పూట 500 చొప్పున రెండు వారాలు ఉంచి, కడుపు కుదుటపడ్డాక మళ్లీ పెంచారు. ఇంకో నెలకు పూటకు 1000 దగ్గర నిలిచింది. రోజుకు 2000 దాటాక అదనంగా ఒరిగేది తక్కువ. చాలామందికి అంతకంటే తక్కువే సరిపోతుంది.

మెట్టు దింపినా ఇబ్బంది తగ్గకపోతే నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ మాత్రకు మారుస్తారు. దీన్ని విరవకుండా, నమలకుండా సాధారణంగా రాత్రి భోజనంతో మింగాలి. నలిపితే నెమ్మదిగా కరిగే గుణమే పోతుంది. ఒక్కోసారి మలంలో మాత్ర ఆకారం మెత్తగా కనబడి భయపెడుతుంది గానీ, అది మందు వదిలేసిన డొల్ల మాత్రమే.

కొద్దిమందికి ఏ పద్ధతిలోనూ ఇది పడదు, వాళ్లకు వేరే మందు ఇస్తారు. మూత్రపిండాల వడపోత బాగా తగ్గినవారికి అసలు మొదలుపెట్టరు. వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒంట్లో నీరు తగ్గితే, డాక్టరుకు చెప్పి మాత్ర తాత్కాలికంగా ఆపాలి. ఒకే మోతాదు నెలల తరబడి పడుతూ వచ్చి, ఉన్నట్టుండి విరేచనాలు మొదలైతే మాత్రం నెపం మెట్‌ఫార్మిన్ మీదికి నెట్టకుండా వేరే కారణం వెతకాలి.