చెరిగినా పోని లెక్కలు: చిన్న షాపుకు మూడు కాపీలు

కంప్యూటర్‌లో లెక్కలు పెట్టుకునే చిన్న షాపుల్లో నష్టం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది హార్డ్‌డిస్క్ కాలిపోవడం. అది కళ్లకు కనిపించే నష్టం కాబట్టి ఆ రోజే తెలిసిపోతుంది. పొరపాటున చెరిపేసిన లెక్క అలా తెలియదు. అరువు ఖాతా షీటులో ఫిల్టర్ పెట్టి, బాకీ తీరిపోయిన వాళ్ల వరుసలు తీసేయబోయి తీరనివి కూడా తీసేసి సేవ్ కొడితే కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. ఫైలు అలాగే ఉంటుంది, పేరు మారదు, తెరిస్తే తెరుచుకుంటుంది. లోపల నలభై మంది బాకీలు మాత్రం ఉండవు. రీసైకిల్ బిన్‌లో వెతికినా లాభం లేదు, ఎందుకంటే అక్కడికి వెళ్లేది చెరిపిన ఫైలే గాని ఫైలు లోపల చెరిపిన వరుసలు కాదు.

ఫైలునే చెరిపినా రీసైకిల్ బిన్ అన్నిసార్లూ కాపాడదు. షిఫ్ట్ నొక్కి డిలీట్ కొడితే ఫైలు అందులోకి వెళ్లదు. పెన్‌డ్రైవ్ మీద చెరిపింది సాధారణంగా అందులో చేరదు. ఇక రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంది కదా అనే ధీమా పాత రకం హార్డ్‌డిస్క్‌ల కాలం నాటిది. ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కువగా వస్తున్న ఎస్‌ఎస్‌డీలో ఫైలు చెరపగానే, ఆ చోటు ఇక ఖాళీ అని విండోస్ డిస్క్‌కు చెప్పేస్తుంది. డిస్క్ తన తీరిక చూసుకుని దాన్ని తుడిచేస్తుంది. ఆ తర్వాత ఎవరూ తెచ్చి ఇవ్వగలిగిందేమీ ఉండదు.

అందుకే మూడు కాపీల పద్ధతి. దీన్ని 3-2-1 అని ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒక కాపీ వేరే చోట. మొదటి కాపీ అంటే రోజూ పని చేసే అసలు ఫైళ్లే. మిగతా రెండూ దాని నకళ్లు. ఇక్కడ చాలా షాపుల్లో జరిగే పొరపాటు ఒకటుంది. సీ డ్రైవ్‌లోది డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి రెండు కాపీలు ఉన్నాయనుకుంటారు. సాధారణంగా ఆ రెండూ ఒకే డిస్క్‌లో గీసిన రెండు భాగాలు. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి.

అయితే పొరపాటున చెరపడం అనే ముప్పుకు మూడు అనే లెక్క ఒక్కటే చాలదు. ఆ మూడూ ఒకే వయసువి కాకూడదు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి వాటిని సింక్‌లో పెడితే షాపులో చెరిపింది క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది, సేవ్ చేసిన తప్పు అక్కడా సేవ్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. ఎక్సెల్ లాంటి ఫైళ్ల పాత రూపాలకూ మామూలుగా 30 రోజులే గడువు. అరువు తీసుకున్న ఖాతాదారు పంట డబ్బు వచ్చాకే షాపుకు వస్తే ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సింక్ మంచి సదుపాయమే, కానీ దాన్ని బ్యాకప్ లెక్కలో వేయకూడదు.

ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపును తీసుకుంటే పని ఇలా సాగుతుంది. ముందు పోగొట్టుకోకూడనివన్నీ ఒకే చోటికి చేరాలి. డీ డ్రైవ్‌లో Shop అనే ఫోల్డర్ తెరిచి, అరువు ఖాతా, ధరల పట్టికలు, కొటేషన్లు, సప్లయర్ల బిల్లుల ఫోటోలు అందులో పెట్టాలి. ట్యాలీ వాడుతుంటే దాని డేటా వేరే చోట ఉంటుంది. అందుకని ట్యాలీ ప్రైమ్‌లో Alt+Y నొక్కి Backup ఎంచుకుని, గమ్యంగా D:\Shop లోపలి ఒక ఫోల్డర్‌ను చూపాలి. జీఎస్టీ పోర్టల్‌లో దాఖలు చేసిన రిటర్నులు ఎలాగూ అక్కడ కనబడతాయి. ఎవరు ఎంత బాకీ, ఏ సరుకు ఎంత మిగిలింది అన్నది మాత్రం ఏ పోర్టల్‌లోనూ దొరకదు. కాబట్టి ముందు జాగ్రత్త వాటికే.

తర్వాత రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు కొని, వాటి మీద ‘ఎ’, ‘బి’ అని చీటీలు అంటించాలి. పెన్‌డ్రైవ్‌లు ఈ పనికి పనికిరావు. చెడిపోతే ముందు సూచన ఇవ్వవు, పారేసుకోవడం తేలిక, మీద రాసినంత చోటు లోపల లేని నకిలీలు బజారులో తిరుగుతున్నాయి. విండోస్‌లో Disk Management తెరిచి రెండు డిస్క్‌లకూ S అనే అక్షరమే కేటాయించాలి. ఒకదాని తర్వాత ఒకటి పెడతారు కాబట్టి తగాదా ఉండదు, ఏది తగిలించినా కింది ఆదేశాలు పని చేస్తాయి. రెండింటిలోనూ Backup అనే ఖాళీ ఫోల్డర్ ముందే తయారుచేసి, నోట్‌ప్యాడ్‌లో ఈ నాలుగు వరుసలు రాసి backup.bat అనే పేరుతో డెస్క్‌టాప్ మీద పెట్టాలి:

```
@echo off
for /f %%i in ('powershell -NoProfile -Command "Get-Date -Format yyyy-MM-dd"') do set D=%%i
robocopy "D:\Shop" "S:\Backup\%D%" /E /R:2 /W:5 /LOG:"S:\Backup\%D%.txt"
pause
```

దీన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే ఆనాటి తేదీతో ఒక కొత్త ఫోల్డర్ ఏర్పడి, Shop లో ఉన్నదంతా అందులోకి వెళుతుంది. నిన్నటి ఫోల్డర్‌ను అది ముట్టుకోదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రోబోకాపీ గురించి చెప్పేవాళ్లు చాలామంది /MIR అనే గుర్తు కలపమంటారు. దానితో తేదీలు లేకుండా ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, అసలులో లేని ఫైళ్లను నకలులోనూ చెరిపేస్తుంది. అంటే పొరపాటును రక్షణ కాపీ దాకా మోసుకెళుతుంది. /R:2, /W:5 అన్నవి ఏదైనా ఫైలు కాపీ కాకపోతే అయిదు సెకన్ల విరామంతో రెండుసార్లు మాత్రమే మళ్లీ ప్రయత్నించమని చెబుతాయి. అవి రాయకపోతే రోబోకాపీ 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. షట్టర్ దించే వేళకు కంప్యూటర్ ఇంకా అక్కడే ఆగి ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే.

సాయంత్రం వరుస ఇది: ట్యాలీలో బ్యాకప్ తీయాలి, ట్యాలీని, ఎక్సెల్‌ను పూర్తిగా మూసేయాలి, డిస్క్ తగిలించాలి, backup.bat నడపాలి. ఆ రోజు తేదీతో ఏర్పడిన లాగ్ ఫైలు తెరిచి అడుగున ఉన్న పట్టికలో FAILED నిలువు వరుస సున్నాగా ఉందో లేదో చూడాలి. సున్నా కాకపోతే ఏదో ఫైలు తెరిచి ఉందనో, డిస్క్ చెడుతోందనో అర్థం. చివరగా డిస్క్‌ను సురక్షితంగా తొలగించి, వైరు ఊడదీసి, సొరుగులో పెట్టాలి. రోజంతా తగిలించి ఉంచిన డిస్క్ బ్యాకప్ కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌కు కూడా తాళం పడుతుంది.

మూడో కాపీ షాపు దాటి బయట ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కౌంటర్ మీది కంప్యూటర్, కౌంటర్ కింది సొరుగు రెండూ ఒకే నీళ్లలో ఉంటాయని వేరే చెప్పనక్కర్లేదు. అందుకే డిస్క్‌లు వారానికొకటి మారాలి. సోమవారం నుంచి శనివారం దాకా ‘ఎ’ షాపులో, ‘బి’ ఇంట్లో. శనివారం రాత్రి ‘ఎ’ ఇంటికి వెళుతుంది, సోమవారం పొద్దున ‘బి’ షాపుకు వస్తుంది. రెండు డిస్క్‌లూ ఒకేసారి షాపులో ఉండే ఘడియ రాకూడదు. షాపుకు మరీ దగ్గరగా, అదే పల్లంలో ఇల్లు ఉంటే బంధువుల ఇల్లు మేలు.

ఇంట్లోని డిస్క్ వారం దాకా పాతబడుతుంది కదా అన్న సందేహం న్యాయమైనదే. ఆ వెలితిని క్లౌడ్‌తో పూడ్చుకోవచ్చు. ట్యాలీ బ్యాకప్, అరువు ఖాతా షీటు చిన్నవి. వాటిని 7-జిప్‌తో పాస్‌వర్డ్ పెట్టి, తేదీ పేరుతో కట్టగట్టి రోజూ బ్రౌజర్ నుంచి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో చాలాకాలం సరిపోతాయి. ఖాతా మాత్రం యజమాని పేరు మీద, యజమాని ఫోను నంబరుతో ఉండాలి. గుమాస్తా సొంత జీమెయిల్‌లో ఉన్న కాపీ ఆ గుమాస్తా పని మానేసిన రోజున ఎవరి చేతిలోనూ ఉండదు. జిప్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఫైలు ఉన్నా లేనట్టే కాబట్టి దాన్ని ఇంట్లో కాగితం మీద రాసి భద్రపరచాలి.

ఈ పద్ధతి పని చేసే తీరు ఒక ఉదాహరణలో చూడవచ్చు. 2025 జూలై 3, గురువారం. కొత్తగా చేరిన కుర్రాడు మొదట చెప్పినట్టే అరువు షీటులో వరుసలు చెరిపి సేవ్ చేశాడనుకుందాం. ఆ రాత్రి బ్యాకప్ తప్పును కూడా కాపీ చేసుకుంది. 5న ‘ఎ’ ఇంటికి వెళ్లింది, ఆ వారమంతా ‘బి’ మీద సాగింది. 14వ తేదీ సోమవారం ఒక మేస్త్రీ వచ్చి తన బాకీ అడిగితే పేరే కనబడలేదు. 2025-07-12 ఫోల్డర్‌లో చూస్తే లేదు, 2025-07-03 లోనూ లేదు, 2025-07-02 లో ఉంది. అంటే తప్పు 3న జరిగింది, మంచి కాపీ ‘ఎ’ డిస్క్‌లో ఉంది.

ఇక్కడ తొందరపడి 2వ తేదీ ఫైలును ఇప్పటి ఫైలు మీద పడేస్తే ఇంకో నష్టం జరుగుతుంది. 3 నుంచి 14 దాకా రాసిన కొత్త అరువులు, జమలు అన్నీ పోతాయి. పాత ఫైలును డెస్క్‌టాప్ మీద వేరే పేరుతో పెట్టి, రెండూ పక్కపక్కన తెరిచి, పోయిన వరుసలు మాత్రమే కొత్తదానిలోకి తేవాలి. ఆ మధ్యలో చెల్లింపులు చేసినవాళ్ల పేర్లు రసీదు పుస్తకంతో సరిచూడాలి. ట్యాలీ విషయంలోనూ అంతే. Restore చేసేటప్పుడు గమ్యంగా కొత్త ఖాళీ ఫోల్డర్‌నే చూపాలి. నడుస్తున్న డేటా ఉన్న ఫోల్డర్‌ను చూపితే పాతది కొత్తదాన్ని కప్పేస్తుంది.

నెలకోసారి ఏ తప్పూ జరగకపోయినా ఈ పని చేసి చూడాలి. నెలాఖరు బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లో రిస్టోర్ చేసి, ఒక ఖాతాదారు బాకీ, చేతిలో నగదు నిల్వ అప్పటి అసలుతో సరిపోయాయో లేదో పోల్చాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

చోటు గురించి బెంగ అక్కర్లేదు. Shop ఫోల్డర్ 2 జీబీ ఉంటే నెల రోజులకు 60 జీబీ. నెల దాటిన రోజువారీ ఫోల్డర్లను చెరిపేసి ప్రతి నెలాఖరుదీ ఉంచితే ఏడాదికి ఇంకో 24 జీబీ. 500 జీబీ డిస్క్ ఏళ్లకు ఏళ్లు వస్తుంది. మార్చి 31 నాటి ఫోల్డర్‌ను మాత్రం రెండు డిస్క్‌ల మీదా విడిగా ఉంచాలి. జీఎస్టీ చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. 2023-24 లెక్కలకు ఆ గడువు 2024 డిసెంబరు 31 కాబట్టి, ఆ ఏటి కాపీని 2030 డిసెంబరు 31 దాకా చెరపకూడదు.