ఉదయం స్టిరాయిడ్ మాత్ర, సాయంత్రం పెరిగే చక్కెర: ఇన్సులిన్ ఇచ్చే వేళకు గల ప్రాధాన్యం

తీవ్రమైన ఉబ్బసం, మూత్రపిండాల వాపు, కొన్ని రకాల చర్మ వ్యాధులు, కీళ్ల వ్యాధులతో ఆసుపత్రిలో చేరిన రోగులకు స్టిరాయిడ్ మందులు ప్రాణరక్షకాలుగా ఉపయోగపడుతున్నాయి. ఈ మందులు రక్తంలో చక్కెరను పెంచుతాయన్న సంగతి వైద్య సిబ్బందికి కొత్త కాదు. అయితే ఈ పెరుగుదల రోజంతా ఒకే రీతిగా ఉండదన్న విషయం పలు సందర్భాలలో మరుగున పడిపోతున్నది. ఉదయం ఇచ్చిన మాత్ర ప్రభావం మధ్యాహ్నం నుండి రాత్రి వరకు కనిపించి, మరుసటి ఉదయానికి దాదాపు సమసిపోతుంది. తెల్లవారుజామున పరగడుపు పరీక్షతోనే సరిపెట్టుకునే వార్డులో ఈ సమస్య కేస్ షీటులో నమోదు కాకుండానే కొనసాగే ప్రమాదం ఉన్నది.

చక్కెర మధ్యాహ్నమే ఎందుకు పెరుగుతుంది?

ఎక్కువగా వాడుకలో ఉన్న స్టిరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్. దీనిని సాధారణంగా రోజుకు ఒకసారి, ఉదయం అల్పాహారంతో ఇస్తారు. శరీరంలో సహజంగా తయారయ్యే కార్టిసాల్ హార్మోను కూడా ఉదయమే అధికంగా ఉంటుంది కనుక ఆ క్రమానికి అనుగుణంగా ఈ వేళను పాటిస్తున్నారు. రాత్రి వేళ ఇస్తే నిద్రకు భంగం కలుగుతుంది.

మాత్ర వేసుకున్న నాలుగు గంటల తరువాత చక్కెరపై దాని ప్రభావం బలపడి, ఎనిమిది గంటల వరకు హెచ్చుగా ఉంటుంది. మొత్తం మీద పన్నెండు నుండి పదహారు గంటల వరకు నిలుస్తుంది. ఈ వ్యవధిలో ఇన్సులిన్ ఆదేశాన్ని కండరాలు సరిగా స్వీకరించవు. కాలేయం చక్కెరను అధికంగా విడుదల చేస్తుంది. క్లోమం నుండి ఇన్సులిన్ ఉత్పత్తి కూడా మందగిస్తుంది. సరిగ్గా ఇదే సమయంలో రోగి మధ్యాహ్న భోజనం చేస్తాడు. అన్నం ద్వారా వచ్చిన చక్కెరను కణాలు తీసుకోలేనందున అది రక్తంలోనే నిలిచిపోతుంది. రాత్రి భోజనం తరువాత కూడా ఇదే పరిస్థితి కొంత మేరకు పునరావృతమవుతుంది. అర్ధరాత్రి దాటిన పిదప మందు ప్రభావం తగ్గి, రోగి ఆహారం లేకుండా నిద్రిస్తున్నందున చక్కెర తెల్లవారేసరికి మామూలు స్థాయికి దిగివస్తుంది.

ఒక ఉదాహరణ

ఈ క్రమాన్ని ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించవచ్చు. యాభై రెండేళ్ల మహిళ, బరువు 60 కిలోలు. ఒంటిపై బొబ్బలు వచ్చి పుండ్లుగా మారే చర్మ వ్యాధితో ఆసుపత్రిలో చేరింది. గతంలో మధుమేహం లేదు. గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో 5.6 శాతంగా తేలింది. ఆమెకు ప్రతి ఉదయం 8 గంటలకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ప్రారంభించారు.

రెండవ రోజు పరగడుపు చక్కెర డెసిలీటరుకు 96 మిల్లీగ్రాములు, మూడవ రోజు 101. ఈ రెండు అంకెలను బట్టి చక్కెర సమస్య లేదని భావించడం సహజం. కాని మూడవ రోజు సాయంత్రం ఆమె విపరీతమైన దాహం, తరచు మూత్ర విసర్జన గురించి తెలుపగా, 5 గంటలకు చేసిన పరీక్షలో 318 వచ్చింది. నాల్గవ రోజు నాలుగు సార్లు పరీక్షించారు. ఉదయం 6 గంటలకు 104, మధ్యాహ్న భోజనానికి ముందు 188, సాయంత్రం 5 గంటలకు 306, రాత్రి 10 గంటలకు 232గా నమోదయింది. పుండ్లు మానవలసిన రోగికి రోజులో సగభాగం రక్తంలో చక్కెర ఇంత హెచ్చుగా ఉండడం వలన గాయాలకు ఇన్ఫెక్షన్ సోకే అవకాశం పెరుగుతుంది.

మధుమేహం లేని రోగికి సైతం స్టిరాయిడ్ ప్రారంభించిన రోజు నుండి మధ్యాహ్న భోజనానంతరం లేదా రాత్రి భోజనానికి ముందు కనీసం ఒక పరీక్ష చేయవలసి ఉన్నది. ఈ విషయమై బ్రిటన్‌లో అనుసరించే మార్గదర్శకాల ప్రకారం ఆ విలువ 216 దాటిన పక్షంలో రోజుకు నాలుగు సార్లు పరీక్షించాలి. హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష గత నెలల సగటును మాత్రమే సూచిస్తుంది కనుక రెండు మూడు రోజుల క్రితం మొదలైన పెరుగుదలను అది పట్టుకోలేదు. రోగికి మధుమేహం ముందు నుండే ఉన్నదా, లేదా అని తెలుసుకొనుటకే అది ఉపకరిస్తుంది.

రాత్రి ఇన్సులిన్‌తో ఎదురయ్యే చిక్కు

చక్కెర 300 దాటినట్లు గమనించిన వెంటనే రాత్రి పడుకునే ముందు దీర్ఘకాలం పనిచేసే గ్లార్జిన్ వంటి ఇన్సులిన్ ఇవ్వడం పలుచోట్ల అలవాటుగా ఉన్నది. పై రోగికి రాత్రి 10 గంటలకు 16 యూనిట్ల గ్లార్జిన్ ఇచ్చారని అనుకుందాం. ఆ ఇన్సులిన్ దాదాపు ఇరవై నాలుగు గంటలు సమంగా పనిచేస్తుంది. తెల్లవారుజామున స్టిరాయిడ్ ప్రభావం లేదు, కడుపులో ఆహారం లేదు. అయినా ఇన్సులిన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. తత్ఫలితంగా 4 గంటలకు ఆమెకు చెమటలు పట్టి, వణుకు మొదలై, చక్కెర 62కు పడిపోతుంది. ఆనాటి సాయంత్రం మాత్రం చక్కెర 281గానే ఉంటుంది.

ఉదయపు తగ్గుదలను చూసి ఇన్సులిన్ తగ్గిస్తే సాయంత్రం చక్కెర మరింత పెరుగుతుంది. సాయంత్రపు పెరుగుదలను చూసి మోతాదు పెంచితే మరుసటి తెల్లవారుజామున ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఇక్కడ లోపం మోతాదులో కంటే ఇన్సులిన్ ఇచ్చిన వేళలోనే ఉన్నది.

మాత్రతో పాటే ఇన్సులిన్

ఎన్.పి.హెచ్. అనే మధ్యస్థ కాలం పనిచేసే ఇన్సులిన్ ఈ పరిస్థితికి అనువైనది. డెన్మార్క్ శాస్త్రవేత్త హగెడార్న్ పేరు ఈ ఇన్సులిన్ పేరులో చేరి ఉన్నది. చర్మం కింద ఇచ్చిన తరువాత నాలుగు నుండి పది గంటల మధ్య దీని ప్రభావం హెచ్చుగా ఉండి, రాత్రికి క్రమంగా తగ్గిపోతుంది. ఉదయం 8 గంటలకు ప్రెడ్నిసొలోన్ మాత్ర, అల్పాహారంతో పాటే దీనిని ఇచ్చినట్లయితే మాత్ర వలన చక్కెర పెరిగే వేళకు ఇన్సులిన్ కూడా బలంగా పనిచేస్తుంది. మాత్ర ప్రభావం తగ్గే వేళకు ఇన్సులిన్ ప్రభావం కూడా తగ్గుతుంది.

మోతాదును రోగి బరువు, స్టిరాయిడ్ మోతాదులను బట్టి లెక్కిస్తారు. ప్రతి 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు కిలో బరువుకు 0.1 యూనిట్ చొప్పున, గరిష్ఠంగా 0.4 యూనిట్ వరకు అన్నది ఒక ప్రచారంలో ఉన్న లెక్క. దాని ప్రకారం పై రోగికి 24 యూనిట్లు వస్తాయి. వృద్ధులకు, మూత్రపిండాలు సరిగా పనిచేయని వారికి, ఆహారం తక్కువగా తీసుకునే వారికి అంతకంటే తక్కువతో ప్రారంభిస్తారు. పుండ్ల బాధ వలన ఈమె భోజనం తగ్గించినందున వైద్యులు సగం మోతాదు, అనగా 12 యూనిట్లతో ప్రారంభించారు. సాయంత్రం 5 గంటల విలువ 262 వచ్చింది. మరునాటి నుండి రోజుకు సుమారు ఇరవై శాతం చొప్పున పెంచుతూ 14, 17, 20 యూనిట్లు ఇవ్వగా సాయంత్రపు విలువలు వరుసగా 231, 203, 174గా తగ్గాయి. పరగడుపు చక్కెర 98గా ఉన్నది. ఆసుపత్రి రోగులలో అధికులకు 180 లోపు ఉంటే చాలునని భావిస్తారు కనుక మోతాదును అక్కడితో ఆపివేశారు. ఇది చాలని రోగులకు మధ్యాహ్న, రాత్రి భోజనాలకు ముందు స్వల్పకాలిక ఇన్సులిన్ జోడిస్తారు. ముందు నుండి ఇన్సులిన్ వాడుతున్న మధుమేహ రోగులకు వారి ఇన్సులిన్‌ను నిలిపివేయకుండా, దానికి అదనంగా ఈ ఉదయపు మోతాదును చేరుస్తారు.

ఉదయం ఇచ్చిన ఎన్.పి.హెచ్. మధ్యాహ్నం తన పని తాను చేస్తూనే ఉంటుంది. స్కానింగు కోసమో, మరే కారణం చేతనో రోగి భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోవచ్చు. కాబట్టి ఆ రోగి పరీక్షకు వెళ్లే వేళ నర్సుకు ముందుగా తెలియవలసి ఉన్నది.

సీసా, సిరంజి

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ప్రధానంగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో లభిస్తున్నాయి. 100 యూనిట్ల గాఢత గల ఇన్సులిన్ కూడా ఉన్నది. నలభై సీసా నుండి వంద సిరంజితో 20 గీతల వరకు తీసినచో రోగికి చేరేది 8 యూనిట్లు మాత్రమే. మోతాదు పెంచినా సాయంత్రపు చక్కెర తగ్గనప్పుడు ముందుగా సిరంజిని పరిశీలించడం మంచిది. ఎన్.పి.హెచ్. తెల్లగా మబ్బుగా ఉండే మందు. సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి సమంగా కలిపిన తరువాతనే తీయాలి.

అన్ని స్టిరాయిడ్లకు ఒకే పద్ధతి వర్తించదు

పై పద్ధతి ఉదయం ఒకసారి ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌కు సంబంధించినది. రోజుకు మూడు నాలుగు సార్లు సిరలోకి హైడ్రోకార్టిసోన్ ఇస్తున్నప్పుడు చక్కెర రోజంతా పెరిగి ఉంటుంది. డెక్సామెథాసోన్ ప్రభావం ఒకటిన్నర రోజుకు పైగా నిలుస్తుంది కనుక పరగడుపు చక్కెర కూడా పెరుగుతుంది. అటువంటి వారికి దీర్ఘకాలిక ఇన్సులిన్ అవసరం కావచ్చు.

2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ పది రోజుల వరకు ఇవ్వడం వలన మరణాలు తగ్గుతాయని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన నిరూపించింది. 2021 రెండవ విడతలో స్టిరాయిడ్ల మితిమీరిన వాడకం, అదుపు తప్పిన చక్కెర కలిసి మ్యూకర్‌మైకోసిస్ వ్యాధికి దోహదం చేశాయి. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు దానిని అంటువ్యాధుల చట్టం క్రింద నోటిఫై చేశాయి.

ఇంటికి వెళ్లే రోజు

స్టిరాయిడ్ మోతాదును వ్యాధి తగ్గే కొద్దీ క్రమంగా తగ్గిస్తారు. ఇన్సులిన్‌ను కూడా అదే నిష్పత్తిలో తగ్గించవలసి ఉన్నది. పై రోగికి మాత్ర 40 నుండి 30 మిల్లీగ్రాములకు తగ్గినప్పుడు ఇన్సులిన్ 20 నుండి 15 యూనిట్లకు, మాత్ర 20కి తగ్గినప్పుడు ఇన్సులిన్ 10 యూనిట్లకు తగ్గాలి. డిశ్చార్జి చీటీలో మాత్రల తగ్గింపు మాత్రమే వ్రాసి, ఇన్సులిన్ తగ్గింపు వ్రాయని పక్షంలో రోగి ఇంటి వద్ద పాత మోతాదే తీసుకొని స్పృహ కోల్పోయే ప్రమాదం ఉన్నది. అందువలన రెండింటినీ ఒకే పట్టికలో, తేదీల వారీగా పక్కపక్కనే వ్రాయడం శ్రేయస్కరం.

చక్కెర పెరిగిందన్న భయంతో రోగి స్టిరాయిడ్‌ను తనంతట తాను ఆపివేయరాదు. కొన్ని వారాలు వాడిన తరువాత ఒక్కసారిగా నిలిపివేస్తే శరీరం తగినంత కార్టిసాల్‌ను వెంటనే తయారు చేసుకోలేక రక్తపోటు పడిపోవచ్చు. స్టిరాయిడ్ పూర్తిగా ముగిసిన తరువాత అధికుల్లో చక్కెర మామూలు స్థితికి వస్తుంది. అయినప్పటికీ మూడు నెలల పిదప హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష చేయించుకోవడం వలన మధుమేహం మిగిలి ఉన్నదీ, లేనిదీ తేలుతుంది.

ఆసుపత్రుల తనిఖీకి వెళ్లే అధికారులు స్టిరాయిడ్ పొందుతున్న రోగి కేస్ షీటులో సాయంత్రం 5 గంటల చక్కెర గడి నిండి ఉన్నదో, ఖాళీగా ఉన్నదో పరిశీలించినట్లయితే ఆ వార్డులో ఈ సమస్యను గమనిస్తున్నదీ, లేనిదీ తెలుస్తుంది.