నాలుగు డిగ్రీల వానలో: తడి, గాలి, దేహోష్ణం

2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జరిగిన రోజున మంచు గడ్డకట్టేంత చలి లేదు. పరుగు మొదలయ్యే హాప్‌కింటన్‌లో ఉష్ణోగ్రత దాదాపు 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 3 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన. కానీ వాన రోజంతా విడవలేదు, తూర్పుదిక్కుగా పరుగెత్తేవారికి గాలి ఎదురుగా విసిరికొట్టింది. ఆ రోజు రెండు వేలమందికి పైగా వైద్యసహాయం అవసరమైంది. వారిలో ఎందరికో వచ్చింది హైపోథెర్మియా, అంటే శరీరపు అంతర్భాగం 35 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడే స్థితి. స్త్రీలలో గెలిచిన డెజిరీ లిండెన్‌కు పట్టిన సమయం 2 గంటల 39 నిమిషాల 54 సెకండ్లు. బోస్టన్‌లో స్త్రీల విజేత అంత నెమ్మదిగా గమ్యం చేరడం నాలుగు దశాబ్దాలలో అదే మొదటిసారి. పేరుమోసిన పరుగువీరులు అనేకులు మధ్యలోనే విరమించుకున్నారు.

మన ప్రాంతాల నుండి వచ్చినవారికి చలి అనగానే మంచు గుర్తుకు వస్తుంది. జనవరిలో మైనస్ పదిహేనులో బయటికి వెళ్ళేటప్పుడు పొరలు పొరలుగా దుస్తులు వేసుకుంటాం. ఏప్రిల్‌లో నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ వాన కనబడితే మాత్రం ఒక పలుచని హుడీతో సరిపెట్టుకుంటాం. ఒంటి వేడి లెక్కలో చూస్తే ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

పొడి దుస్తులు మనల్ని కాపాడేది తమ నూలుతో కాదు, ఆ నూలు మధ్య కదలకుండా నిలిచిన గాలితో. గాలి ఉష్ణాన్ని చాలా మందకొడిగా మోస్తుంది. నీరు దానికన్నా ఇంచుమించు ఇరవై నాలుగు రెట్లు సులువుగా మోస్తుంది. వాన ఆ ఖాళీలలో చేరితే, దుస్తులు చర్మానికీ బయటి చలికీ మధ్య తెరగా ఉండడం మాని వంతెనగా మారతాయి. నూలుబట్ట ఇందులో మరీ చెడ్డది: నీటిని పీల్చుకొని, బరువెక్కి, ఒంటికి అంటుకుపోతుంది, త్వరగా ఆరదు. జీన్స్ వేసుకొని కొండ ఎక్కేవారిని అనుభవజ్ఞులు కోప్పడేది అందుకే.

రెండవ దారి ఆవిరి. ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది: వాన కురుస్తున్నప్పుడు గాలి ఎలాగూ తేమతో నిండి ఉంటుంది, అలాంటప్పుడు బట్టలలోని నీరు ఆవిరి కాదు కదా? అవుతుంది. నిండిన గాలి అన్నది దాని సొంత ఉష్ణోగ్రత దగ్గర మాత్రమే నిండినది. 4 డిగ్రీల గాలి మోయగల ఆవిరి పీడనం, 30 డిగ్రీల చర్మం దగ్గర ఉండే పీడనంలో సుమారు ఐదో వంతే. కాబట్టి వెచ్చని చర్మం నుండి చల్లని గాలిలోకి ఆవిరి పోతూనే ఉంటుంది, అందుకు కావలసిన వేడి ఒంటి నుండే రావాలి.

ఈ వేడి ఎంతో ఒక లెక్క వేద్దాం. ఒక హుడీ, ప్యాంటు కలిసి అర లీటరు నీటిని పట్టుకున్నాయనుకోండి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీలు కావాలి, అంటే అర లీటరుకు 290 కిలోకాలరీలు. ఊరకే కూర్చున్న మనిషి శరీరం గంటకు 85 కిలోకాలరీల వేడి పుట్టిస్తుంది. ఆ ఒక్క జత బట్టలు ఒంటి మీదే ఆరడానికి మూడు గంటల పైచిలుకు వేడి ఖర్చవుతుందన్నమాట. ఈలోగా వాన మళ్ళీ తడుపుతూనే ఉంటుంది. ఇక 70 కిలోల మనిషి శరీరం మొత్తం ఒక డిగ్రీ చల్లబడడానికి సుమారు 58 కిలోకాలరీల లోటు చాలు. నిజానికి చేతులు, కాళ్ళు ముందు చల్లబడి లోపలి అవయవాలను కొంతసేపు కాపాడతాయి కనుక దీన్ని గడియారం చూసి వాడే సూత్రంగా తీసుకోకూడదు. లోటు ఎంత చిన్నదైతే ఎంత మార్పు వస్తుందో మాత్రం తెలుస్తుంది.

గాలి ఈ రెండు దారులనూ వేగవంతం చేస్తుంది. ఒంటి చుట్టూ పేరుకొన్న వెచ్చని, తేమ గాలిపొరను అది ఎప్పటికప్పుడు చీల్చి తీసుకుపోతుంది. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ వాడే విండ్ చిల్ సూత్రం ప్రకారం 38 డిగ్రీల ఫారెన్‌హీట్, గంటకు 25 మైళ్ళ గాలి కలిస్తే అది 27 డిగ్రీలలా అనిపిస్తుంది. అయితే ఆ సూత్రం పొడిగా ఉన్న ముఖచర్మం కోసం తయారుచేసినది. తడిసిన మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఫోన్‌లో కనబడే ఆ అంకెను నమ్ముకొని బయలుదేరేవారు ఈ సంగతి గమనించాలి.

ఇదంతా కొత్త విషయం కాదు. 1964 మార్చిలో ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండలలో జరిగిన ఫోర్ ఇన్స్ అనే దూరపు నడక పోటీలో ముగ్గురు యువ స్కౌట్లు వానలో, గాలిలో తడిసి మరణించారు. 1953 ఎవరెస్ట్ యాత్రలో పాల్గొన్న శరీరశాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ ఆ ఘటనను శోధించి, తడి, గాలి, అలసట మూడూ కలిసినప్పుడే ప్రాణాపాయం ముంచుకొస్తుందని చూపాడు.

ఆ మూడవది, అలసట, బోస్టన్‌లో కీలకం. పరుగెత్తుతున్నంతసేపూ శరీరం విశ్రాంతిలో కన్నా దాదాపు పది రెట్లు వేడి పుట్టిస్తుంది, తడిసిన పలుచని బనియన్‌తోనైనా నెట్టుకురావచ్చు. ఇరవై మైళ్ళ తరువాత కండరాలలోని గ్లైకోజెన్ తరిగి, పరుగు నడకలోకి దిగితే ఆ వేడి మూడో వంతుకు పడిపోతుంది. బట్టలు అదే తడి, గాలి అదే వేగం. పైగా వణుకు కూడా కండరాల పనే. దానికీ ఇంధనం కావాలి, అది అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. కొండదారిలో అలసి ఆగినవారికైనా, ఆట ముగిశాక పార్కింగ్ స్థలంలో కబుర్లు చెప్పుకుంటూ నిలబడినవారికైనా ఇదే వరుస.

తొలి సూచన వణుకు. దాన్ని ఆపుకోవాలన్నా ఆపుకోలేకపోతే హెచ్చరిక అప్పుడే మొదలయింది. తరువాతి సూచనలకు తెలుగులో ఒకే మాట సరిపోతుంది: తడబాటు. మొదట చేతులు తడబడతాయి, జిప్పు పట్టుబడదు, బొటనవేలిని చిటికెనవేలికి తాకించడం కష్టమవుతుంది. తరువాత కాళ్ళు తడబడి చదునైన దారిలోనూ రాళ్ళు తగులుతాయి. మాట ముద్దగా వస్తుంది. వీటితోపాటు కారణంలేని చిరాకు, లేదా ఏమీ పట్టనట్టు మౌనం కనిపిస్తుంది. చలి మెదడును కూడా మందగింపజేస్తుంది కాబట్టి బాధితుడు తనకేమీ కాలేదనే అంటాడు. ఆ మాటను లెక్కలోకి తీసుకోకుండా పక్కనున్నవారే నిర్ణయం తీసుకోవాలి. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే అది కోలుకోవడం కాదు, ఉష్ణోగ్రత ఇంకా దిగిందని అర్థం. గందరగోళం, మగత కూడా ఉంటే 911కి ఫోన్ చేయాలి. నుదుటి మీద, నోటిలో పెట్టే థర్మామీటర్లు ఈ స్థితిలో సరైన అంకె చూపవు కనుక వాటి కోసం ఆగవద్దు.

తెలివిగా ఉండి వణుకుతున్నవారిని గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడివి వేసి, తీయని వెచ్చని పానీయం ఇవ్వవచ్చు, మద్యం మాత్రం ఇవ్వకూడదు. స్పృహ సరిగా లేనివారికి నోటితో ఏదీ పట్టకుండా, కుదపకుండా పడుకోబెట్టాలి. ఏ ఆశ్రయమూ దొరకని చోట బట్టలు విప్పి చలికి ఒళ్ళు ఆరబెట్టడం కన్నా, తడిబట్టల మీదుగానే ప్లాస్టిక్ సంచో రేకుదుప్పటో బిగించి చుట్టడం మేలు. గమ్యం దగ్గర పంచే ఆ మెరిసే రేకు వేడిని తిప్పికొడుతుందని అందరూ అనుకుంటారు. వానలో దాని అసలు ఉపయోగం వేరు: అది గాలిని లోపలికి, ఆవిరిని బయటికి పోనివ్వదు. ముందు అంచులు కప్పకుండా భుజాల మీద రెపరెపలాడుతూ ఉంటే ఆ పని చేయలేదు.